రెండు ఐడియల్స్‌ని కలిపితే గ.సా.భా. ఎందుకు వస్తుంది?

ప్రశ్న: ఎం.ఎస్సీ. మొదటి ఏడాది చదువుతున్నాను. పూర్ణ సంఖ్యల్లో రెండు ఐడియల్స్‌ని కలిపితే గ.సా.భా., ఛేదనం తీసుకుంటే క.సా.గు. వస్తుందని నోట్స్‌లో ఉంది. కలిపితే పెద్దది రావాలి కదా, చిన్న సంఖ్య రావడం ఏంటి? లబ్ధానికీ ఛేదనానికీ తేడా ఎక్కడ? వీటి మధ్యలో రాడికల్ పని ఏంటి? బట్టీ పట్టకుండా గుర్తుండే దారి ఉంటే చెప్పండి.

జవాబు:

పీజీ పిల్లలకు రింగ్ థియరీ చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ సందేహం వస్తుంది. నిజానికి కూడితే పెద్దదే వస్తోంది. మీరు చూస్తున్నది ఐడియల్‌ని కాదు, దాని మీద రాసిన సంఖ్యని. (4) అంటే 4 గుణిజాలన్నీ, (72) అంటే 72 గుణిజాలన్నీ. 72 గుణిజం ప్రతిదీ 4 గుణిజమే కాబట్టి (72) మొత్తం (4) లోపలే ఉంటుంది. సంఖ్య చిన్నదైన కొద్దీ గుణిజాలు దగ్గర దగ్గరగా పడతాయి, ఐడియల్ పెద్దదవుతుంది. అన్నిటికంటే పెద్దది (1), అంటే పూర్ణ సంఖ్యలన్నీ. అన్నిటికంటే చిన్నది (0), అందులో సున్నా ఒక్కటే.

కాబట్టి మొదట ఈ ఒక్క వాక్యం బుర్రలోకి ఎక్కించుకోండి: (a) అనేది (b) లోపల ఉండటమూ, b అనేది a ని నిశ్శేషంగా భాగించడమూ ఒకటే. ఐడియల్ అనే భావనను 1871లో ప్రవేశపెట్టిన డెడెకిండ్ కూడా దీన్ని ఇలాగే చూశాడు. ఒక ఐడియల్ ఇంకోదాని లోపల ఉంటే, బయటి ఐడియల్ లోపలి దాన్ని భాగిస్తుంది అన్నాడు. తర్వాత వచ్చేదంతా దీని నుంచే వస్తుంది.

బోర్డు మీద నేను ఎప్పుడూ 72, 20 తీసుకుంటాను. ఒకటి 2³·3², ఇంకోటి 2²·5. ఉమ్మడి ప్రధాన సంఖ్య ఉంది, ఎవరికి వారికే ఉన్నవీ ఉన్నాయి, ఘాతాలూ వేరు వేరు. ఏ తేడా దాక్కోకుండా బయటపడుతుంది.

ముందు రెండు సమితులనూ ఊరికే ఒకచోట చేర్చి చూడండి. 72 గుణిజాలు, 20 గుణిజాలు కలిపి రాసుకుంటే అది ఐడియల్ కాదు. 72 అందులో ఉంది, 20 ఉంది, కానీ 72 + 20 = 92 లేదు. 92 ఈ రెండింటిలో దేనికీ గుణిజం కాదు కదా. ఆ లోటు తీర్చడానికే కూడిక ఉంది. (72) + (20) అంటే 72x + 20y రూపంలో వచ్చే సంఖ్యలన్నీ. రెండింటినీ తనలో పెట్టుకోగల ఐడియల్స్‌లో అతి చిన్నది ఇదే.

ఇప్పుడు ఇది ఏ సంఖ్య గుణిజాల సమితి? 72కీ 20కీ 4 భాజకం, కాబట్టి 72x + 20y ఎప్పుడూ 4 గుణిజమే. అంటే కూడిక మొత్తం (4) లోపలే ఉంది. మిగిలింది ఒక్కటే ప్రశ్న: 4 అందులో ఉందా? ఇక్కడ చాలామంది గ.సా.భా. కాబట్టి ఉంటుంది అని రాసేసి ముందుకు పోతారు. అసలు పని అక్కడే ఉంది, యూక్లిడ్ భాగహారం చేసి చూపించాలి:

72 = 3·20 + 12
20 = 1·12 + 8
12 = 1·8 + 4
8 = 2·4 + 0

కింద నుంచి పైకి ఎక్కుదాం. 4 = 12 − 8. ఆ 8 స్థానంలో 20 − 12 పెడితే 4 = 2·12 − 20. 12 స్థానంలో 72 − 3·20 పెడితే 4 = 2·72 − 7·20. సరిచూసుకోండి, 144 − 140 = 4. అంటే 4 కూడికలో ఉంది. 4 ఉంటే దాని గుణిజాలన్నీ ఉన్నట్టే. అందుకే (72) + (20) = (4). గ.సా.భా.ని ఐడియల్ భాషలో చెప్పాలంటే రెండింటినీ పట్టగల అతి చిన్న పెట్టె. పెట్టె అతి చిన్నది కావాలి కాబట్టి భాజకం గరిష్ఠం కావాలి. మీకు తిరగబడినట్టు అనిపించింది ఇదే.

ఛేదనానికి ఇంత శ్రమ లేదు. (72) ∩ (20) అంటే రెండింటికీ ఉమ్మడి గుణిజాలు. వాటిలో ధన సంఖ్యల్లో అతి చిన్నది 360. ఏదైనా ఉమ్మడి గుణిజాన్ని 360తో భాగిస్తే వచ్చే శేషం కూడా ఉమ్మడి గుణిజమే అవుతుంది. అది 360 కంటే చిన్నది, కాబట్టి సున్నా అయి తీరాలి. అందుకని ఛేదనం (360).

లబ్ధం దగ్గర కాస్త ఆగుదాం. (72)(20) అంటే ఒక్కో ఐడియల్ నుంచి ఒక్కో సంఖ్య తీసుకుని గుణించి, అలాంటి లబ్ధాలను ఎన్నైనా కూడితే వచ్చేవన్నీ. ఇక్కడ ఒక్కో లబ్ధం 1440 గుణిజం కాబట్టి (72)(20) = (1440). 72 గుణిజాన్ని 20 గుణిజంతో గుణిస్తే అది రెండింటికీ గుణిజమే, అందుకని లబ్ధం ఎప్పుడూ ఛేదనం లోపలే ఉంటుంది. కానీ 360 మాత్రం లబ్ధంలో లేదు. తేడా ఎక్కడ వచ్చిందో ఘాతాల్లో కనబడుతుంది. 2 విషయమే చూడండి: 72లో ఘాతం 3, 20లో 2. ఛేదనం పెద్దదాన్ని తీసుకుంటుంది, అంటే 3. కూడిక చిన్నదాన్ని తీసుకుంటుంది, 2. లబ్ధం రెండింటినీ కూడుతుంది, 5. ఏ రెండు సంఖ్యలకైనా పెద్దది, చిన్నది కలిపితే ఆ రెండింటి మొత్తమే కాబట్టి కూడికను ఛేదనంతో గుణిస్తే లబ్ధం రావాలి: (4)(360) = (1440). స్కూల్లో నేర్చుకున్న గ.సా.భా. × క.సా.గు. = సంఖ్యల లబ్ధం అనే సూత్రమే ఇది.

మరి లబ్ధం, ఛేదనం ఎప్పుడు ఒకటవుతాయి? గ.సా.భా. 1 అయినప్పుడు. ఘాతాలతో ఇది వెంటనే తెలిసిపోతుంది. అయినా నేను ఇంకో రుజువు చెబుతాను, ఎందుకంటే అది ఏ కమ్యూటేటివ్ రింగ్‌లోనైనా పనిచేస్తుంది. 9, 20 తీసుకోండి. 81 − 80 = 1, ఇందులో 81 (9)లో ఉంది, 80 (20)లో ఉంది. ఛేదనంలో ఏ m తీసుకున్నా m = 81m − 80m. మొదటి పదంలో 81 (9) నుంచి, m (20) నుంచి వచ్చాయి. రెండో పదంలో m (9) నుంచి, 80 (20) నుంచి. రెండూ లబ్ధంలోవే, కాబట్టి m కూడా లబ్ధంలో ఉంది. చైనీస్ రిమైండర్ సిద్ధాంతానికి ప్రాణం ఈ ఒక్క లైనే. పరీక్షలో ఘాతాల రుజువు కంటే ఇది రాయమని నా విద్యార్థులకు చెబుతాను.

ఇక రాడికల్. ఏదో ఒక ఘాతానికి ఎక్కిస్తే ఐడియల్‌లోకి వచ్చి పడే సంఖ్యలన్నీ దాని రాడికల్‌లో ఉంటాయి. 6 (72)లో లేదు. 6² = 36, అదీ లేదు. 6³ = 216 = 3·72, వచ్చేసింది. కాబట్టి 6 √(72)లో ఉంది. m ఘాతం ఏదైనా 72 గుణిజం కావాలంటే m లో 2, 3 రెండూ ఉండి తీరాలి. ఉంటే చాలు, ఘాతం తగినంత పెంచితే అదే అవుతుంది. అందుకే √(72) = (6). అలాగే √(20) = (10). రాడికల్ ఘాతాలన్నిటినీ 1కి దించేస్తుంది, ఏ ప్రధాన సంఖ్యలు ఉన్నాయన్నది మాత్రమే మిగులుస్తుంది.

ఇప్పుడు 360కీ 1440కీ రాడికల్ కట్టండి. రెండింటికీ (30) వస్తుంది. 30 మొదటిదాంట్లోకి 30³తో వస్తుంది, రెండోదాంట్లోకి 30⁵ దాకా ఆగాలి, అయినా రాక తప్పదు. లబ్ధానికీ ఛేదనానికీ మనం ఇందాక చూసిన తేడా రాడికల్‌లో పూర్తిగా పోతుంది. కారణం చిన్నది: m రెండింటిలోనూ ఉంటే m·m లబ్ధంలో ఉన్నట్టే. 360 లబ్ధంలో లేదు, 360² = 129600 = 90·1440 మాత్రం ఉంది. ఇదీ ఏ కమ్యూటేటివ్ రింగ్‌లోనైనా నిజమే. (6) ∩ (10) కూడా (30)యే, అంటే ముందు రాడికల్ తీసి తర్వాత ఛేదించినా ఫలితం మారదు. (6)(10) మాత్రం (60). రాడికల్స్ లబ్ధం, లబ్ధపు రాడికల్ ఒకటి కావు. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువసార్లు కనబడే తప్పు ఇదే.

కూడిక విషయంలో (6) + (10) = (2), √(4) కూడా (2). పూర్ణ సంఖ్యల్లో ఇది ఎప్పుడూ కుదురుతుంది.

సున్నా గురించి ఒక మాట. (0) + (20) = (20), (0) ∩ (20) = (0). కాబట్టి 0, 20ల గ.సా.భా. 20, క.సా.గు. 0 అని తీసుకుంటేనే ఈ పోలిక చెడదు. √(0) కూడా (0)యే, ఎందుకంటే సున్నా కాని పూర్ణ సంఖ్య ఏ ఘాతానికీ సున్నా కాదు.

ఈ పోలిక ఇంత చక్కగా కుదరడానికి కారణం, పూర్ణ సంఖ్యల్లో ప్రతి ఐడియల్ ఒకే సంఖ్య గుణిజాల సమితి కావడం. అది పోతే ఏమవుతుందో Z[x]లో చూడండి, అంటే పూర్ణ సంఖ్యలు గుణకాలుగా ఉన్న బహుపదుల్లో. 2కీ xకీ ఉమ్మడి కారణాంకం ఏదీ లేదు, గ.సా.భా. 1. కానీ (2) + (x)లో 1 లేదు. అందులోని ప్రతి బహుపదికీ స్థిర పదం సరి సంఖ్యే. ఛేదనం (2x), లబ్ధమూ (2x). కూడికను ఛేదనంతో గుణిస్తే 4x, 2x²లతో వచ్చే ఐడియల్ వస్తుంది, అందులో 2x లేదు. స్కూలు సూత్రం ఇక్కడ పనిచేయదు. గ.సా.భా. × క.సా.గు. అని అలవాటు మీద రాసే ముందు ఏ రింగ్‌లో ఉన్నారో చూసుకోండి.

రాడికల్ కూడికకూ ఇలాంటి హద్దే ఉంది. అకరణీయ గుణకాలున్న x, y బహుపదుల్లో (y), (y − x²) తీసుకోండి. రెండూ వాటి రాడికల్స్‌కి సమానమే. కలిపితే వచ్చేది y, x²లతో ఏర్పడే ఐడియల్. x² అందులో ఉంది, x లేదు, కాబట్టి అది దాని రాడికల్‌కి సమానం కాదు. బొమ్మ గీస్తే y = x² పారాబోలా x-అక్షాన్ని మూలబిందువు దగ్గర ఖండించకుండా స్పర్శిస్తుంది, ఆ స్పర్శే x²గా కూడికలో కనబడుతోంది. అందుకే సాధారణ రింగ్‌లో √(I + J) కావాలంటే √I, √J కలిపాక మళ్ళీ ఒకసారి రాడికల్ తీయాలి.