నంద్యాలను ఏ భాగంలో పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో భూగోళశాస్త్రం చదివి గ్రూప్స్‌కు సిద్ధమవుతోంది. ఆంధ్రప్రదేశ్ నైసర్గిక విభాగాలు కంఠతా వచ్చు. అయినా నమూనా పరీక్షలో నంద్యాలను ఏ భాగంలో పెట్టాలో తెలియక తడబడింది. పరీక్షలు మానిపించి, కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే జీఐఎస్ కోర్సులో చేర్పించమని బంధువులు అంటున్నారు. ఏది మేలు? – గుంటూరు నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అమ్మాయి తడబడిన చోటు నిజంగానే చిక్కైనది. దాన్ని చదువులో వెనకబాటుగా మీరు భావించనక్కర లేదు. రాయలసీమ పేరు వినగానే పీఠభూమి అని రాయడం చాలామందికి అలవాటు. కానీ రాయలసీమ చరిత్ర వల్ల ఏర్పడిన ప్రాంతం, పీఠభూమి నేల తీరును బట్టి చెప్పే ప్రాంతం. ఈ రెండింటి హద్దులూ ఒకటి కావు.

మీ ఊరికి వచ్చే గుంతకల్లు రైలు మార్గాన్నే తీసుకోండి. గుంతకల్లు, డోన్ పరిసరాల్లో గ్రానైటు గుట్టలు, పలచని ఎర్రనేలలు కనిపిస్తాయి. అది దక్కన్ పీఠభూమి. బేతంచెర్ల దగ్గర నాపరాయి గనులు మొదలవుతాయి. అక్కడి నుంచి పాణ్యం దాకా ఎర్రమల కొండలు. అవి దాటి దిగితే నంద్యాల, నల్లరేగడి పరచుకున్న కుందూ నది లోయ. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల ఉండగా, కుందూ దక్షిణానికి పారి పెన్నలో కలుస్తుంది. కనుక నంద్యాలను పీఠభూమి అని ఒక్క మాటలో తేల్చకుండా, రెండు కొండల వరుసల నడుమ ఉన్న లోయ మైదానమని వర్ణించాలి. ఆ తర్వాత గాజులపల్లె నుంచి దిగువమెట్ట వరకు రైలు నల్లమల అడవిలో సాగుతుంది. ఈ కొండల్లో గుండ్ల బ్రహ్మేశ్వరం వంటి శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి. అవతల కంభం దగ్గర నేల మళ్లీ చదునవుతుంది, కానీ అక్కడి నీరు పెన్నకు పోకుండా గుండ్లకమ్మ వెంట నేరుగా సముద్రానికి చేరుతుంది. ఎత్తు అంకె ఒక్కటే చూస్తే నంద్యాల, కంభం ఇంచుమించు ఒకే పట్టీలో పడతాయి. నీరు ఎటు పోతోంది, అడుగున ఏ రాయి ఉంది అని అడిగినప్పుడే అవి వేరు ప్రాంతాలని తెలుస్తుంది.

ఇక డెల్టా. కృష్ణ విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకు దాటాక తన ఒండ్రును విశాలంగా పరచింది. డెల్టా తల అక్కడే. మీ గుంటూరు దాని పడమటి అంచున ఉంది, తెనాలి పూర్తిగా లోపల ఉంది. రెండింటి మధ్య గీత గీయమంటే ఎవరూ ఖచ్చితంగా గీయలేరు, గీయనవసరమూ లేదు. అయితే గుర్తు పట్టే పద్ధతి ఉంది. డెల్టాలో సాగునీటి కాలువలు ఎత్తుగా ఉన్న పాత నదీ గట్ల మీద నడుస్తాయి, మురుగు కాలువలు వాటి మధ్య పల్లంలో నడుస్తాయి. అక్కడి రైతు నీరు రాలేదని ఎంత బాధపడతాడో, వచ్చిన నీరు పోవడం లేదని అంతే బాధపడతాడు.

జీఐఎస్ విషయంలో నా సందేహం ఇక్కడే ఉంది. ఆ విద్య పనికిరానిదని నేను అనను. కానీ తక్కువ వ్యవధి కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది ఉపగ్రహ ఎత్తుల దత్తాంశాన్ని తెరిచి, 150 మీటర్ల లోపు ఒక రంగు, ఆపైన మరొక రంగు వేయడం. ఆ దత్తాంశంలో కొన్ని మీటర్ల తేడా మామూలే. చెట్ల తలలు, ఇళ్ల కప్పులు కూడా నేల ఎత్తులో కలిసిపోతాయి. నల్లమలకు ఆ తప్పు లెక్కలోకి రాదు. తెనాలి నుంచి రేపల్లె దాకా నేల మొత్తం దిగేదే కొద్ది మీటర్లు గనుక అక్కడ కొబ్బరితోట కూడా మెరకలా కనిపిస్తుంది. దాన్ని చూసి అనుమానించగలిగినవారికే ఆ సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఒక్క నమూనా పరీక్ష ఫలితం చూసి, బంధువుల మాట పట్టుకుని, ఆమె ఎంచుకున్న దారి మార్చాలని చూడడం మీ పొరపాటు. ఆమెను అడిగారా? మీ ప్రశ్నలో ఆమె అభిప్రాయం ఒక్క వాక్యం కూడా లేదు.

భూగోళశాస్త్రం పునాది ఉన్న అమ్మాయికి రెండు దారులూ మూసుకుపోవు. ఏడాది ఆలస్యమైనా జీఐఎస్ ఎక్కడికీ పోదు. ప్రస్తుతానికి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాల్లో నంద్యాల, కంభం, తెనాలి ఉన్నవి తెచ్చుకోమనండి. వాటిలో ప్రతి 20 మీటర్ల ఎత్తుకూ, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖ ఉంటుంది. నల్లమల దగ్గర ఆ రేఖలు ఒత్తుగా కిక్కిరిసి ఉంటాయి, నంద్యాల దగ్గర దూరమవుతాయి, తెనాలి పటంలో దాదాపు కనబడవు. అక్కడ కాలువలను చూసే నేలను చదవాలి. ఒక్కో పటానికి పది వాక్యాల వర్ణన ఆమెనే రాయమనండి, జిల్లా పేరు మాత్రం ఎక్కడా వాడవద్దనండి.