అదనపు వారాలకు సంతకం పెట్టే ముందు

ప్రశ్న: హన్మకొండలో మాకు చిన్న ఆసుపత్రి ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఒక హైదరాబాద్ కంపెనీతో 12 లక్షలకు అగ్రిమెంట్ చేసుకున్నాం. ఫిబ్రవరి 28 కల్లా అప్పగించాలి, ఇవ్వలేదు. జనవరి చివర్లో ఆరోగ్యశ్రీ బిల్లులు వేరుగా కనిపించాలని మేము వాట్సాప్‌లో అడిగిన మాట నిజమే. మార్చి 21న వాళ్ల ప్రాజెక్ట్ మేనేజర్ చేంజ్ రిక్వెస్ట్ ఆమోదించమని లేఖ పంపాడు. ఇంకో ఆరు వారాలు కావాలట, ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టేనట. సంతకం పెట్టొచ్చా, వకీలు గారూ? లేఖ, అగ్రిమెంట్ జతచేశాను.

జవాబు: ఈ లేఖ మీద ఇప్పుడున్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి, అలాగని ఏడు రోజులు ఊరుకోనూవద్దు. మౌనాన్ని అంగీకారంగా భావిస్తామని ఒక పక్షం తనంతట తాను లేఖలో రాసుకున్నంత మాత్రాన చట్టం దాన్ని ఒప్పుకోదు, మీ అగ్రిమెంట్‌లో కూడా అలాంటి షరతు లేదు. కానీ జవాబివ్వకుండా మీ సిబ్బంది కొత్త భాగాన్ని పరీక్షించడం, మీరు తరువాతి వాయిదా చెల్లించడం జరిగితే, మీ నడవడిక ద్వారానే ఒప్పుకున్నారని వాళ్లు వాదించడానికి వీలు దొరుకుతుంది.

అసలు చిక్కు లేఖలోని రెండో పేరాలో ఉంది. ‘పాత షెడ్యూలు స్థానంలో ఈ షెడ్యూలు అమలులోకి వస్తుంది’ అన్న ఆ వాక్యానికి మీరు సంతకం పెడితే, ఫిబ్రవరి 28 గడువు దాటిన సంగతే కాగితం మీద లేకుండా పోతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 63వ సెక్షన్ ప్రకారం, పని చేయించుకునేవారు ఇష్టపడి గడువు పొడిగించవచ్చు, ఆ పొడిగింపుకు వేరే ప్రతిఫలం అక్కరలేదు. గడువు కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన పనిని స్వీకరించేటప్పుడు, నష్టపరిహారం అడిగే ఉద్దేశం ఉందని అప్పుడే తెలియజేయకపోతే తరువాత ఆ పరిహారం అడగలేరని 55వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండు సెక్షన్లూ కలిసి మీకు అడ్డుతగలకుండా చూసుకోవాలి.

ఇక లెక్కకు వస్తే, లేఖకు జతచేసిన పట్టికలో ఆరోగ్యశ్రీ భాగానికి వాళ్లే చూపినది మూడు వారాలు. మిగతా మూడు వారాలు మందుల దుకాణం నిల్వ, ల్యాబ్ రిపోర్టుల పేరిట ఉన్నాయి. ఇవి మొదటి అగ్రిమెంట్‌లోనే ఉన్న పనులు, చేంజ్ రిక్వెస్ట్‌లో వీటికి చోటు లేదు. మీరు అదనంగా అడిగిన పనికి న్యాయంగా సమయం ఇవ్వాల్సిందే, అయితే ఆ మూడు వారాలను మార్చి 21 నుంచి కాక, ఫిబ్రవరి 28 నుంచి లెక్కించాలని పట్టుబట్టండి. అప్పుడు సవరించిన గడువు మార్చి 21 అవుతుంది. వాళ్లు అడిగినట్టు మే 2న అప్పగిస్తే ఆరు వారాల ఆలస్యం వాళ్లదే. అగ్రిమెంట్‌లో ఆలస్యానికి వారానికి అర శాతం అని ఉంది గనుక, వారానికి 6,000 చొప్పున ఆరు వారాలకు 36,000 రూపాయలు. లేఖ మీద యథాతథంగా సంతకం పెడితే ఈ మొత్తంపై మీ వాదన చాలా బలహీనపడుతుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: 74వ సెక్షన్ కింద అగ్రిమెంట్‌లో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితే తప్ప, కోర్టు తప్పనిసరిగా ఇప్పించే మొత్తం కాదు. ఆలస్యం వల్ల పాత సాఫ్ట్‌వేర్‌కు కట్టిన అద్దె వంటి ఖర్చుల రసీదులు దాచిపెట్టండి.

వాళ్ల చేతిలో ఉన్న గట్టి వాదన ఒకటుంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. చార్జీల పట్టిక, డాక్టర్ల వివరాలు మీరే ఆలస్యంగా ఇచ్చారని లేఖలో రాశారు. అది నిజమైతే, పనికి అవసరమైన వెసులుబాటు కల్పించనందుకు ఆ మేరకు తమ ఆలస్యానికి 67వ సెక్షన్ సాకు చూపగలరు. మీరు ఏ తేదీన ఏ ఫైలు పంపారో మెయిల్‌లో చూసుకుని, నిజంగా ఆలస్యమైన రోజులుంటే వాటిని ఒప్పేసుకుని, మిగతావాటిని తేదీలతో కాదనండి. వాట్సాప్ సంభాషణలు చెరిపేయవద్దు, ఫోను మార్చవద్దు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో పెట్టడానికి సర్టిఫికెట్ కావాలి.

జవాబు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, సంతకాధికారం ఉన్న భాగస్వామి పేరున, మెయిల్ ద్వారానూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. వాక్యం ఇలా ఉంటే చాలు: ‘ఆరోగ్యశ్రీ బిల్లుల భాగానికి మాత్రమే, ఫిబ్రవరి 28 నుంచి మూడు వారాల అదనపు సమయానికి, అదనపు రుసుము లేకుండా అంగీకరిస్తున్నాము. మిగతా పనుల గడువు మారదు. ఇప్పటికే జరిగిన, ఇకపై జరిగే ఆలస్యానికి అగ్రిమెంట్ ప్రకారం పరిహారం అడిగే మా హక్కును వదులుకోవడం లేదు.’ వాళ్లు అదనపు సొమ్ము కూడా అడిగి ఉంటే ‘అదనపు రుసుము లేకుండా’ అన్న మాటను బేరానికి వదిలిపెట్టవచ్చు, చివరి వాక్యాన్ని మాత్రం వదలకండి.