జీడితోటలో ఎలుగు అడుగు

చిరంజీవి రవికి, మావయ్య దీవెనలు.

వచ్చే నెలలో స్నేహితులతో మందస వైపు కొండ అంచున నడవడానికి వస్తున్నానన్నావు. అప్పటికి జీడిపళ్ళు రాలుతుంటాయి కాబట్టి మన ఉద్దానంలో ఎలుగుబంటి తోటల్లోకి దిగే కాలం అది. మిగతా జంతువుల సంగతి తర్వాత నేర్చుకోవచ్చు. దీని జాడ మాత్రం ముందే తెలిసుండాలి.

ఒకసారి తెల్లవారుజామున తోట బాటలో ఒక అడుగు కనిపించింది. నాతో వచ్చిన కుర్రాడు "ఎవరో చెప్పుల్లేకుండా నడిచారు" అన్నాడు. నిజంగానే వెనక కాలి ముద్ర మనిషి పాదంలా, మడమతో సహా పడుతుంది. నేను కూర్చుని వేళ్ళు చూశాను. మన పాదంలో లోపలివైపు బొటనవేలు పెద్దది. ఎలుగుకు లోపలి వేలే చిన్నది, బయటివైపుది పెద్దది. పైగా ఐదు వేళ్ళూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. కాస్త ముందు ముందరి కాలి ముద్ర ఉంది. అది వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది, మడమ సాధారణంగా పడదు. వేళ్ళకు బాగా ఎడంగా గోళ్ళ గుంటలు దిగి ఉన్నాయి. ముందరి గోళ్ళు మూడంగుళాల దాకా ఉంటాయి మరి. గట్టి నేల మీద పాదం పడకపోయినా ఒక్కోసారి ఆ గుంటలు మాత్రం మిగులుతాయి.

ఒక్క ముద్ర చూసి తేల్చేయకు. మేమూ ఇంకో పది అడుగులు వేశాక చెదపుట్ట కనిపించింది. దాన్ని లోతుగా తవ్వేసి ఉంది, గోడల మీద పక్కపక్కనే గోళ్ళ గీతలు. ఎలుగు పుట్ట పగలగొట్టి, మట్టి ఊదేసి, చెదలను పీల్చుకుంటుంది. అడవిపంది తవ్వకం అలా ఉండదు. అది మూతితో నేల పైపైన దున్నినట్టు చాలా మేర తిరగేస్తుంది.

పెంట దగ్గర పొరపాటు పడేవాళ్ళు ఎక్కువ. జీడిపండు పిప్పి, రేగు గింజలు కనిపిస్తే చాలు ఎలుగుదే అనేస్తారు. పునుగుపిల్లి కూడా పళ్ళు తిని గింజలు వదులుతుంది. కానీ దానిది వేలంత సన్నం. ఎలుగుది పెద్ద కుప్ప, పుల్లతో కదిపితే పిప్పిలో చెదల తలలు, చీమల పెంకులు కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోకు.

ఇక ముద్ర ఎప్పటిదో చూడాలి. అంచులు పదునుగా ఉండి, చుట్టూ నేల మంచుకు తడిసి, ముద్రలో మట్టి మాత్రం పొడిగా లేచి ఉంటే అది మంచు పడ్డాక నడిచింది. అంచులు రాలి, లోపల ఆకులు పడి, సాలీడు దారం కట్టి ఉంటే పాతది. మాకు దొరికింది తాజాది. అందుకే దాని వెంట పోలేదు. గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. ఎలుగు ఎక్కువగా మీద పడేది దగ్గర్లో మనిషిని హఠాత్తుగా చూసి బెదిరినప్పుడే. పిల్లలున్న తల్లయితే మరీ ప్రమాదం.

ముద్ర దొరికితే పక్కన అగ్గిపెట్టె పెట్టి, నిలువుగా పైనుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అగ్గిపెట్టె లేకపోతే కొలత తెలియదు.

మీ మావయ్య