చాపలాయన కేకను పాటలో పెట్టేటప్పుడు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్రాక్ నాలుగైదు సార్లు విన్నాను. చాపలమ్మే ఆయన కేకను పాటలో పదేపదే వచ్చే హుక్‌గా పెట్టుకోవాలన్న ఆలోచన బాగుంది. వాద్యాలూ బాగానే కుదిరాయి. కానీ ఆ కేక మాత్రం ఆయనది కాకుండా పోయింది. చిన్నపిల్లలు బళ్లో ఎక్కాలు చదివినట్టు ఉంది. ఎందుకలా అయిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అదే పని చేసి, ఆ కేక వేసే ఆయనకే వినిపించి నవ్వులపాలయ్యాను. "ఇట్టా అరిస్తే ఒక్క తలుపూ తెరుచుకోదయ్యా" అన్నాడు.

నువ్వు చేసిందేమిటంటే, ముందు నాలుగు దెబ్బల బీట్ వేసుకుని, ఒక్కో దెబ్బకి ఒక్కో అక్షరం అంటించావు. చా, ప, లోయ్, ఖాళీ. మళ్లీ చా, ప, లూ, ఖాళీ. దాంతో పొట్టిగా పడాల్సిన "ప" దీర్ఘం తీసి "పా" అయింది. "చాపాలోయ్" అని ఎవరూ అమ్మరు కదా! ("చేపలోయ్" అని వినపడలేదు, అంతవరకు సంతోషం.)

ఇప్పుడు బీట్ మొత్తం మ్యూట్ చేసి, నువ్వు రికార్డు చేసుకొచ్చిన అసలు కేక ఒక్కటే పెట్టు. చేత్తో బల్ల మీద తడుతూ విను. "చాపలోయ్ చాపలూ... ఈతచాపలూ." మన గురు లఘువుల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. "చా" గురువు, రెండు మాత్రలు. "ప" లఘువు, ఒకటి. "లోయ్" మళ్లీ గురువు, రెండు. మొత్తం అయిదు. అంటే ఆయన నడక అయిదుల ఖండగతి, నువ్వు దాన్ని నాలుగుల చతురశ్రంలోకి తోశావు. కేక చప్పబడటానికి కారణం అంతే.

అలాగని పాటంతా అయిదు దెబ్బల్లోకి మార్చేయకు. జనం చప్పట్లు కొట్టలేరు, నీ డ్రమ్స్ అబ్బాయీ పారిపోతాడు. నాలుగు దెబ్బల తాళం ఉంచేసుకో, దెబ్బకి నాలుగు మాత్రలు, అంటే ఒక ఆవృతానికి పదహారు. ఆ పదహారులో కేక తన సహజమైన కొలతతోనే ఎలా కూర్చుంటుందో రాసి చూపిస్తాను. గీత ఒక మాత్ర సాగదీతకి, చుక్క ఒక మాత్ర ఖాళీకి గుర్తు.

చా – ప లో – చా – ప లూ – – – – – – –

. . ఈ – త చా – ప లూ – – – – – . .

మొదటి వరస చూడు. దెబ్బలు ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడో మాత్రల మీద పడతాయి. మొదటి "చా" దెబ్బ మీదే ఉంది. రెండో దెబ్బ "లోయ్" మధ్యలో పడుతుంది, రెండో "చా" దానికి ఒక మాత్ర తర్వాత వస్తుంది. నువ్వు కంగారుపడి దాన్ని దెబ్బ మీదకి జరిపేది ఇక్కడే. జరపకు. ఆ ఎదురు నడకే ఆయన గొంతులోని ఊపు. కాస్త ఓపిక పడితే "లూ" తిన్నగా వచ్చి మూడో దెబ్బ మీద కూర్చుంటుంది. వినేవాడికి తాళం ఎక్కడా తప్పినట్టు అనిపించదు, ఎక్కడో తూలి సర్దుకున్నట్టు మాత్రం ఉంటుంది.

మిగిలిన మాత్రలన్నీ "లూ" మింగేస్తుంది. కేకల్లో ఉన్న వెసులుబాటు ఇదే. మాట మొదట్లోని అక్షరాలు ఎప్పుడూ బిగువుగా, దాదాపు ఒకే వేగంతో వస్తాయి. సాగేది చివరి అచ్చు మాత్రమే. మామూలుగా "చాపలు" అనేదాన్ని ఆయన "చాపలూ" అని దీర్ఘం తీసేది వీధి చివరి ఇంటిదాకా వినపడటానికి. కాబట్టి సర్దుబాటు ఏదైనా ఆ అచ్చులోనే చెయ్యి. అది ఆరు మాత్రలైనా, తొమ్మిదైనా కేక చెడదు. "ప" ఒక్క మాత్ర పెరిగినా చెడిపోతుంది.

రెండో వరసలో మొదటి రెండు చుక్కలు ఆయన పీల్చుకునే ఊపిరి. నువ్వు దాన్ని ఖాళీ అనుకుని కత్తిరించేశావు. కత్తిరిస్తే "ఈత" మొదటి మాత్రకే వచ్చి, చివరి "లూ" ఏడో మాత్రలో, దెబ్బ లేని చోట పడుతుంది. ఆ రెండు మాత్రలూ వదిలి చూడు. "ఈత" మూడు మాత్రలు, ఆ తర్వాత "చాపలూ" సరిగ్గా మొదటి వరసలో ఉన్న చోటే పడి, "లూ" మళ్లీ మూడో దెబ్బకే చేరుతుంది. నేను దీన్ని మొదట కాగితం మీద వేసుకున్నప్పుడు లెక్క తప్పిందేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను.

వేగం కూడా నువ్వు నిర్ణయించకు, కేకని అడుగు. మొదటి "చా" మొదలైన చోటి నుంచి రెండో "చా" మొదలైన చోటికి కొలువు. నీ రికార్డింగులో అది సెకనుకి అటూ ఇటూగా ఉంది. అయిదు మాత్రలకి ఒక సెకను అంటే మాత్రకి 0.2 సెకను, నాలుగు మాత్రల దెబ్బకి 0.8 సెకను. అంటే నిమిషానికి 75 దెబ్బలు. నువ్వు 100 పెట్టావు, అందుకే కేక తరుముకొస్తున్నట్టుంది. ఒక్క కేకనే కొలిచి ఊరుకోకు, ఏడెనిమిది కొలిచి, ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకో. పొద్దున్నే వేసే కేకకీ, అలిసిపోయాక వేసే కేకకీ తేడా ఉంటుంది.

అక్షరాలన్నిటినీ లెక్కగా దెబ్బల మీదకి లాగేసే క్వాంటైజ్ బటన్ జోలికి వెళ్లకు. "చా", "లూ" మొదలయ్యే చోట్లు మాత్రం చేత్తో సర్దు, మధ్యలోవి ఎలా వచ్చాయో అలాగే వదిలెయ్. స్వరం సంగతీ అంతే. ఆయన "చాప" రెండక్షరాలూ ఒకే స్వరం మీద అని, "లోయ్" దగ్గర పైకెత్తి, చివరి "లూ"ని మెల్లగా కిందికి జారుస్తున్నాడు. ఆ జారుడుని ఆటోట్యూన్ మెట్లు మెట్లుగా చేసేస్తుంది. పాట శ్రుతిని ఆయన ఆగే చివరి స్వరానికి కలుపుకో, ఆయన్ని నీ శ్రుతికి లాగకు.

చరణంలో అదే కొలతలో వేరే మాటలు పెడతానన్నావు కదా, అక్కడ ఒక మోసం ఉంది. "వానలో" పెట్టు, సరిపోతుంది, గురువు లఘువు గురువు. "మనసులో" కూడా అయిదు మాత్రలే, కానీ మూడు లఘువులతో మొదలవుతుంది. మొదటి అక్షరం మీద పడాల్సిన బరువు ఉండదు. మాత్రల మొత్తం కలిసినా కేక గుర్తుకు రాదు. చరణంలో ఒకటి రెండు చోట్ల ఫరవాలేదు కానీ హుక్ పక్కన మాత్రం వద్దు.

అంతా అయ్యాక మాటలు తీసేసి, ఆ వరసని "నా న నా" అని కూనిరాగం తీసి ఇంట్లోవాళ్లకి వినిపించు. చాపలాయన అని ఎవరైనా పోల్చుకుంటే కుదిరినట్టే. పోల్చుకోలేకపోతే ముందు "ప"లు చూసుకో, తర్వాత ఊపిరి.

ఇంకోమాట. ఆయన గొంతే పాటలో వాడేటట్టయితే ముందే అడుగు, డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకో. పాట విడుదలయ్యాక అడిగితే అది అడగడం కాదు. పాట అయ్యాక మొదట వినిపించాల్సింది కూడా ఆయనకే, నాకు తర్వాత పంపు.

మీ మావయ్య