తేదీ ఒక్కటే అడిగితే పెళ్ళి తారుమారవుతుంది

"మా ట్రస్టు కట్టిన కమ్యూనిటీ హాలుకు కొత్త సైటు చేయిస్తున్నాం. డెవలపర్‌కు ఇచ్చే ఉత్తరంలో ఏమేం రాయాలి?"

మా హాలు ట్రస్టుకు కార్యదర్శిగా నేను రాసిన ఉత్తరంలో మొదటి అంశం బుకింగ్ క్యాలెండరు. ఫోటోలు, దాతల పేర్లు ఆ తర్వాతే వచ్చాయి. హాలు సైట్లు చెడేది క్యాలెండరు దగ్గరేనని నా గట్టి నమ్మకం.

మా పాత సైటు ఫారంలో "ఫంక్షన్ తేదీ" అని ఒకటే గడి ఉండేది. ఒక పెద్దాయన కూతురి పెళ్ళి ముహూర్తం గురువారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే శుక్రవారం. పంచాంగానికి వారం సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటరుకు అర్ధరాత్రితో మారుతుంది. ఆయన శుక్రవారం తేదీ నొక్కారు. ఖాళీగా కనిపించిన గురువారాన్ని సైటు మరొకరి రిసెప్షన్‌కు ఇచ్చేసింది. గురువారం మధ్యాహ్నం రెండు వంట బృందాలు గుండిగలు, గ్యాసు సిలిండర్లతో ఒకే గేటు ముందు నిలబడ్డాయి. రిసెప్షన్ వారికి సొమ్ము మొత్తం తిరిగిచ్చి, వేరేచోట హాలు వెతికిపెట్టేసరికి సాయంత్రమైంది.

అందుకే ప్రవేశించే రోజు, గంట, ఖాళీ చేసే రోజు, గంట విడివిడిగా అడగాలనీ, ముహూర్తానికి వేరే గడి ఉండాలనీ, డబ్బు కట్టే ముందు "గురువారం మధ్యాహ్నం 2 నుంచి శుక్రవారం మధ్యాహ్నం 12 వరకు" అని వారాల పేర్లతో తెర మీద చూపించాలనీ రాశాను. కొత్తవారి ప్రవేశం పాతవారు ఖాళీ చేసే వేళకంటే ముందుగానూ, కొత్తవారు ఖాళీ చేసే వేళ పాతవారి ప్రవేశం తర్వాతగానూ ఉంటే ఆ బుకింగ్‌ను తిరస్కరించాలి. శుభ్రం చేయడానికి మేము 3 గంటలు కలుపుతాం కాబట్టి, పై పెళ్ళి తర్వాత శుక్రవారం 1 గంటకు అడిగినవారికి హాలు దొరకదు, 3 గంటలకు అడిగినవారికి దొరుకుతుంది. ఈ తనిఖీ పేజీలో మాత్రమే ఉంటే చాలదు, డేటాబేసులోనే ఉండాలి. లేకపోతే ఒకే క్షణంలో నొక్కిన ఇద్దరికీ హాలు ఖాళీగానే కనిపిస్తుంది.

ఫోన్‌లో వచ్చే బుకింగులను మేనేజరు తన మొబైల్ నుంచి ఇదే క్యాలెండరులో ఎక్కించగలగాలి. కాగితం రిజిస్టరు పక్కన నడుస్తున్నంత కాలం ఏ సైటూ నిజం చెప్పదు. అడ్వాన్సు కట్టని హోల్డు 48 గంటలకు దానంతటదే విడిపోవాలని కూడా రాశాను.

మరో రెండు సంగతులు నా బాధ కొద్దీ చేర్చాను. డొమైన్ ట్రస్టు పేరుతో, ట్రస్టు ఈమెయిలుతోనే నమోదు కావాలి. పాత డెవలపరు తన పేరున పెట్టుకుని ఫోన్ నంబరు మార్చేయడంతో రెన్యువల్ గడువు దాటి మా సైటు ఆగిపోయింది. తెలుగు అంతా యూనికోడ్‌లో ఉండాలి. కరపత్రాల కోసం అను ఫాంట్లలో టైపు చేసినది యథాతథంగా అతికిస్తే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి, వెతికినా దొరకదు.

చివరి వాయిదా చెల్లింపును ఒక పరీక్షకు ముడిపెట్టాను: గురువారం రాత్రి 2.40 ముహూర్తంతో పెళ్ళి బుక్ చేసి, ఆ గురువారమే సాయంత్రం 6 గంటలకు రిసెప్షన్ అడిగితే సైటు కాదనడం మా కమిటీ ముందు చూపించాలి.