ఇంటర్వ్యూకి ముందు పంపాల్సిన నాలుగు మాటలు: వినికిడి లోపం ఉన్న అమ్మాయికి బాబాయి లేఖ

చిరంజీవి బుజ్జికి,

బాబాయి ఆశీస్సులు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి షార్ట్‌లిస్ట్ అయ్యావని, "రెండు రోజుల్లో మా హెచ్‌ఆర్ ఫోన్ చేస్తారు" అని ఈమెయిల్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. నీకు అడ్డం వచ్చేది ఆ ఫోనే. ఎదురుగా కూర్చుంటే పెదవులు చూస్తూ, హియరింగ్ ఎయిడ్ల సాయంతో మాట అందుకుంటావు. మామూలు ఫోన్ కాల్‌లో పెదవులు కనిపించవు. పైగా ఫోన్ లైను గొంతులోని సన్నటి శబ్దాలను చాలావరకు కోసేస్తుంది. స, శ, ఫ లాంటి హల్లులను పోల్చుకునేది ఆ సన్నటి శబ్దాలతోనే కాబట్టి మాట సగం విరిగిపోయి చేరుతుంది. అందుకే వాళ్ల ఫోన్ రాకముందే నీ ఈమెయిల్ వాళ్లకు చేరాలి. షార్ట్‌లిస్ట్ అయ్యావని వచ్చిన ఈమెయిల్‌కే, అదే రోజు, రిప్లై కొట్టు. కొత్త ఈమెయిల్ రాస్తే అది ఏ పోస్టుదో, ఏ అభ్యర్థిదో వెతుక్కోవాల్సి వస్తుంది.

రెజ్యూమెలో ఈ సంగతి రాయనక్కర్లేదు. అక్కడ నీ పని గురించే చూస్తారు. అలాగని ఇంటర్వ్యూ మొదలయ్యే పది నిమిషాల ముందు చెబితే హెచ్‌ఆర్ చేతిలో ఏమీ ఉండదు. ప్యానెల్‌లో కూర్చునే ఇంజనీర్లకు ఇన్విటేషన్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, మీటింగ్ సెట్టింగులు మార్చాల్సిన మనిషి ఇంకో కాల్‌లో ఉంటాడు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చాక, టైము ఖరారయ్యే లోపు చెప్పడమే సరైన సమయం.

ఇక ఆ ఈమెయిల్ ఎలా ఉండాలో కింద రాశాను. ఇంగ్లీషులో ఇదే వరుసలో రాసుకో. సబ్జెక్ట్ లైను మార్చకు.

"నమస్కారం. ఇంటర్వ్యూకి ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. నాకు వినికిడి లోపం ఉంది, హియరింగ్ ఎయిడ్లు వాడతాను. ఫోన్ కాల్‌లో మాట స్పష్టంగా అందదు కాబట్టి, ఫోన్ రౌండును వీడియో కాల్‌గా మార్చమని కోరుతున్నాను. కాల్‌లో మాటలను అప్పటికప్పుడు తెరమీద అక్షరాలుగా చూపే లైవ్ క్యాప్షన్లు చదువుకుంటాను. మాట్లాడేవారు కెమెరా ఆన్ చేసి, ఒకరి తర్వాత ఒకరు, ఇంగ్లీషులో మాట్లాడితే సరిపోతుంది. ఏ ప్లాట్‌ఫామ్ వాడతారో తెలిపితే క్యాప్షన్లు ముందే సరిచూసుకుంటాను. తేదీ, టైము వివరాలు ఈమెయిల్‌లోగానీ మెసేజ్‌లోగానీ పంపండి."

ఇంతే. ఇందులో నీ చెవి గురించి ఒకే వాక్యం ఉంది, మిగతావన్నీ వాళ్లు చేయాల్సిన పనుల గురించి. ఆ పాళ్లు చెడనివ్వకు. ఎన్ని డెసిబెల్స్ లోపమో, ఎన్నో ఏట వచ్చిందో, ఏ ఆసుపత్రిలో చూపించారో రాస్తే చదివేవాళ్లకు ఏం చేయాలో తెలియదు సరికదా, ఈ అమ్మాయి ఈ పని చేయగలదా అని తమకు తెలియని విషయంలో తీర్పు చెప్పడం మొదలుపెడతారు. "వీడియో కాల్, కెమెరా ఆన్, ఒకరి తర్వాత ఒకరు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

"మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి" అని కూడా రాయకు. ఆ మాట పడగానే నీ కోరిక దయతో చేసే సాయంగా మారిపోతుంది, చేయకపోయినా తప్పు లేదనిపిస్తుంది. "వీలైతే", "కుదిరితే" అన్నవీ అంతే. కోరుతున్నాను అంటే చాలు, అందులో మర్యాద ఉంది.

యూడీఐడీ కార్డు, సదరం సర్టిఫికెట్ ముందే జతచేయవద్దు. వికలాంగుల కోటాలోనో, వాళ్లకోసం ప్రత్యేకంగా జరిపే నియామకంలోనో అయితే అడుగుతారు, అడిగినప్పుడు కార్డు కాపీ పంపితే చాలు. వైద్యుల రిపోర్టులు అక్కర్లేదు. ఇంకో సంగతి, నీకన్నా తక్కువ వినికిడి లోపం ఉన్న నీ స్నేహితురాలికి కూడా చెప్పు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే పాక్షిక వినికిడి లోపం కింద లెక్క. అంతకన్నా తక్కువ లోపం ఉండి సర్టిఫికెట్ రానివాళ్లు కూడా ఇలాంటి ఈమెయిల్ నిస్సంకోచంగా పంపవచ్చు. ఇందులో అడిగేది రిజర్వేషన్ కాదు, కాల్ ఎలా జరగాలన్నదే.

ప్లాట్‌ఫామ్ పేరు ఎందుకు అడగమన్నానంటే, క్యాప్షన్లు ఎవరి చేతిలో ఉంటాయన్నది ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. గూగుల్ మీట్‌లో అయితే CC బటన్ నువ్వే నొక్కుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనూ మామూలుగా నీ వైపు నుంచే ఆన్ చేసుకోవచ్చు, కానీ కంపెనీ ఐటీ విభాగం ఆ సౌకర్యాన్ని మూసేసి ఉంచే అవకాశం ఉంది. జూమ్‌లో మీటింగ్ పెట్టినవాళ్ల అకౌంట్‌లో ఆటోమేటిక్ క్యాప్షన్లు ఆన్ అయి ఉండాలి, లేకపోతే నీకు ఆ బటనే కనిపించకపోవచ్చు. కాబట్టి జూమ్ అని జవాబొస్తే ఒక వాక్యం వెనక్కి పంపు: "హోస్ట్ అకౌంట్‌లో ఆటోమేటెడ్ క్యాప్షన్లు ఆన్ చేసి ఉంచమని కోరుతున్నాను." టీమ్స్ అని చెబితే ఇంటర్వ్యూకి ముందు రోజు అయిదు నిమిషాల టెస్ట్ కాల్ అడుగు. మూసి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

ఈమెయిల్‌లో "ఇంగ్లీషులో" అని రాయమన్నాను చూడు, దాన్ని మాత్రం వదిలేయకు. హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో క్యాప్షన్లు చెడిపోయేది ఎక్కువగా అక్కడే. నీ పేరు, ఊరు చూసి ప్యానెల్‌లో ఎవరో ఒకరు ఆప్యాయంగా "ఫర్వాలేదమ్మా, తెలుగులో చెప్పు" అంటారు, తర్వాత ప్రశ్న సగం తెలుగులో సగం ఇంగ్లీషులో వస్తుంది. క్యాప్షన్ మాత్రం ఇంగ్లీషు అనుకునే వింటూ ఉంటుంది. "ఈ బగ్ ప్రొడక్షన్‌లో వస్తే ముందు ఏం చేస్తావ్" అని ఆయన అడిగితే, తెరమీద "బగ్", "ప్రొడక్షన్" తప్ప మిగతావన్నీ ఏవో సంబంధం లేని ఇంగ్లీషు మాటలై పడతాయి. నువ్వు ఆ రెండు మాటలు పట్టుకుని వేరే ప్రశ్నకు జవాబు చెబుతావు, వాళ్లు నీకు సబ్జెక్టు రాదనుకుంటారు. తెరమీద పొందికలేని మాటలు రెండు వరుసలు కనబడగానే ఆపి, "ఇంగ్లీషులో అడగండి, క్యాప్షన్లు తెలుగును పట్టుకోలేకపోతున్నాయి" అని చెప్పు. పూర్తిగా ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నా అలాగే పడుతుంటే మీటింగ్‌లో మాట్లాడే భాష సెట్టింగ్ ఇంకేదో అయి ఉంటుంది, దాన్ని ఇంగ్లీషుకు మార్చాలి.

ప్యానెల్‌లో ముగ్గురో నలుగురో ఉంటారని తెలిస్తే ఇంకొక్క వాక్యం కలుపు: "ప్యానెల్ సభ్యులు ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారు కాల్‌లో చేరితే నాకు సులువు." అందరూ ఒకే గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఒకే మైకు వాడితే దూరంగా ఉన్నవాళ్ల గొంతు గది ప్రతిధ్వనిలో కలిసిపోతుంది, ముఖాలు చిన్నవై పెదవులు కనిపించవు, ఎవరు అడిగారో క్యాప్షన్ చెప్పదు.

ఇంత స్పష్టంగా రాసినా ఫోన్ రావచ్చు. కాల్స్ చేసే మనిషి వేరు, నీ ఈమెయిల్ చదివిన మనిషి వేరు. ఎత్తి తడబడవద్దు. ఈ మెసేజ్ ఫోన్‌లో ముందే రాసి దాచుకుని, కాల్ కట్ చేసి వెంటనే పంపు: "నేను ఫోన్‌లో వినలేను. దయచేసి ఇదే నంబరుకు మెసేజ్ చేయండి. వీడియో కాల్ గురించి ఈమెయిల్ పంపాను." చివర నీ పేరు, పోస్టు పేరు చేర్చు. జీతం, నోటీస్ పీరియడ్ అడగడానికే అయిదు నిమిషాల ఫోన్ అంటే, ఆ ప్రశ్నలు రాసి పంపమను, ఆ గంటలోనే జవాబివ్వు. మధ్యలో కన్సల్టెన్సీ ఉంటే నీ ఈమెయిల్ వాళ్ల దగ్గరే ఆగిపోవచ్చు. కంపెనీ నుంచి ఇన్విటేషన్ రాగానే దాన్ని పంపినవాళ్లకు కెమెరా, క్యాప్షన్, ఇంగ్లీషు సంగతులు రెండు వాక్యాల్లో పంపి, వాటిని ఇన్విటేషన్‌లోనే చేర్చమని అడుగు. ప్యానెల్ వాళ్లు తెరిచి చూసేది దాన్నే.

మూడు పనిదినాలు గడిచినా జవాబు లేకపోతే అదే ఈమెయిల్ కింద ఒక్క వాక్యంతో గుర్తుచేయి. "మా దగ్గర అలాంటి ఏర్పాటు లేదు" అంటే మాత్రం ఆ వికలాంగుల హక్కుల చట్టం సంగతి మెల్లగా ఎత్తవచ్చు, కానీ అది ఏం చెబుతుందో సరిగ్గా తెలిసి ఉండాలి. అనువైన ఏర్పాట్లు చేసి తీరాలన్న 20వ సెక్షన్ నేరుగా ప్రభుత్వ సంస్థలను ఉద్దేశించింది. ప్రైవేటు కంపెనీలకూ వర్తించేది 21వ సెక్షన్: ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 2017 నాటి నియమాల ప్రకారం 20 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఆ విధానంలో వికలాంగుల నియామకాలు, సౌకర్యాలు చూసే లైజన్ ఆఫీసర్ గురించి కూడా పొందుపరచాలి. అందుకని "మీ మీద ఫిర్యాదు చేస్తాను" అనకుండా, "మీ సమాన అవకాశాల విధానం ప్రకారం లైజన్ ఆఫీసర్ ఎవరో తెలిపితే ఈ విషయం వారితో మాట్లాడతాను" అని రాయి. మొదటి ఈమెయిల్‌లో మాత్రం చట్టం పేరెత్తకు. క్యాప్షన్ ఆన్ చేయమంటే చాలామంది మారుమాట లేకుండా చేస్తారు.

ఇంటర్వ్యూ రోజు కాల్ మొదలవగానే ఒక్కసారి చెప్పు: "నేను క్యాప్షన్లు చదువుతున్నాను, అవి ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా వస్తాయి, అందుకే జవాబుకు ముందు చిన్న విరామం ఉంటుంది." చెప్పకపోతే ఆ విరామాన్ని తడబాటు అనుకుంటారు. సాంకేతిక పదాలు క్యాప్షన్లలో తప్పుగా పడతాయి. SQL అన్నది "సీక్వెల్" అని సినిమా రెండో భాగంలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ప్రశ్నను నీ మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని అడుగు, లేదా చాట్‌లో టైప్ చేయమను.

ఈ రౌండ్ దాటాక రెండో రౌండుకి వచ్చే ప్యానెల్ వేరే ఉంటుంది, వాళ్లకు నీ మొదటి ఈమెయిల్ సంగతి తెలియదు. రెండో ఇన్విటేషన్ రాగానే ఆ రెండు వాక్యాలు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
బాబాయి