రక్తం ట్యూబులోకి చేరాక కూడా చక్కెర ఖర్చవుతూనే ఉంటుంది

ప్రశ్న: అమ్మకు పరగడుపున ఇంటి మీటరులో 131 వచ్చింది. వెంటనే ల్యాబ్ అబ్బాయి వచ్చి ఎర్ర మూత ట్యూబు ఒక్కదానిలోనే రక్తం తీసుకెళ్లాడు. రిపోర్టులో 104 ఉంది. రక్తం తీసిన సమయం 6:50, ల్యాబుకు చేరిన సమయం 9:40 అని రాసి ఉంది. ఏది నమ్మాలి? ఇదివరకు షుగర్ పరీక్షకు బూడిద రంగు మూత ట్యూబు వాడేవారు, దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు: ఆసుపత్రి ల్యాబులో బయోకెమిస్ట్రీ విభాగంలో టెక్నీషియనుగా చాలాకాలంగా పని చేస్తున్నాను. మీరు రిపోర్టులోని రెండు సమయాలూ రాయడం మంచిదైంది. ట్యూబు రంగు కంటే ముందు నేను చూసేది వాటినే.

ట్యూబులోకి వచ్చినంత మాత్రాన రక్తంలోని కణాలు చనిపోవు. ఎర్ర కణాలకు గ్లూకోజ్ తప్ప వేరే ఇంధనం లేదు. దాన్ని లోపలికి తీసుకోవడానికి వాటికి ఇన్సులిన్ కూడా అక్కర్లేదు. ఒంట్లో ఉన్నప్పుడు కాలేయం ఎప్పటికప్పుడు కొత్త గ్లూకోజ్ అందిస్తుంది. ట్యూబులో అది ఉండదు కాబట్టి ఉన్నదే తరుగుతుంది. మామూలు గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం పోతుంది. ఎండాకాలంలో స్కూటరు పెట్టెలో తిరిగిన ట్యూబులో ఇంకా ఎక్కువ పోతుంది.

ఎర్ర మూత ట్యూబులో ఈ ఖర్చును ఆపే పదార్థం ఏదీ ఉండదు. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజులో తిప్పి, పైకి తేలిన సీరాన్ని కణాల నుంచి విడదీసినప్పుడే తరుగుదల ఆగుతుంది. మీ అమ్మగారి ట్యూబును 9:50 ప్రాంతంలో తిప్పి ఉంటారనుకుందాం. అంటే మూడు గంటలు. గంటకు 5 శాతం చొప్పున పోయి చివరికి 104 మిగిలితే, మొదట సుమారు 121 ఉండాలి. 7 శాతం చొప్పున అయితే సుమారు 129. పరగడుపున 126 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు, 100 నుంచి 125 వరకు దాని ముందు దశ. చూడండి, మీకు వచ్చిన అంచనా సరిగ్గా ఆ గీతకు రెండు వైపులా పడింది. అందుకే ఈ లెక్కతో 104ను సవరించి వాడకూడదు. ఆ రిపోర్టు మీద ఏ నిర్ణయమూ తీసుకోలేమని మాత్రమే ఈ లెక్క చెబుతుంది.

మీటరును కూడా పూర్తిగా నమ్మకండి. ఇంటి మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 దాటిన విలువల దగ్గర 15 శాతం అటూ ఇటూ ఉన్నా మీటరు పాసైనట్టే. కాబట్టి 131 చూపినప్పుడు అసలు విలువ 114 కావచ్చు, 150 దాటవచ్చు కూడా. మందు మోతాదు రోజువారీగా చూసుకోవడానికి మీటరు చాలు, జబ్బు ఉందో లేదో తేల్చడానికి చాలదు.

ఇక బూడిద రంగు మూత. ఆ ట్యూబులో సోడియం ఫ్లోరైడ్, దానితోపాటు రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఆక్సలేట్ గానీ ఇడిటిఎ గానీ ఉంటాయి. ఫ్లోరైడ్ గ్లూకోజ్ ఖర్చును ఆపుతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ వెంటనే ఆపదు. చాలామంది ల్యాబువాళ్లకే ఇది పట్టదు. కణం గ్లూకోజును విరగ్గొట్టేది పది మెట్లలో. ఫ్లోరైడ్ అడ్డుపడేది తొమ్మిదో మెట్టు దగ్గర, ఎనొలేజ్ అనే ఎంజైముకు. కాలువ చివర తూము మూస్తే పైనుంచి నీళ్లు వెంటనే ఆగవు కదా, కాలువ నిండేదాకా వస్తూనే ఉంటాయి. ఇక్కడా అంతే. మొదటి గంటలో ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులోనూ లేని ట్యూబులోనూ తరుగుదల దాదాపు ఒకలాగే ఉంటుంది. పూర్తిగా స్థిరపడటానికి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. ఆ తర్వాత మాత్రం గట్టిగా నిలుస్తుంది, గది వేడిలోనే మూడు రోజుల వరకు విలువ పెద్దగా మారదు.

అంటే మీ అమ్మగారి రక్తాన్ని బూడిద మూత ట్యూబులో తీసి ఉంటే 104 బదులు 115–120 మధ్య ఏదో వచ్చేది. ఎర్ర ట్యూబు కంటే మేలే, కానీ అసలు విలువ 128 అయితే అప్పుడు కూడా గీత కిందికే జారేది. దూరం నుంచి వచ్చే శాంపిళ్లకు ఫ్లోరైడ్ చాలా ఉపయోగం. దాన్ని సాకుగా చూపి ట్యూబును ఎండలో తిప్పడమే నాకు నచ్చదు. అమెరికాలో 2011లో వచ్చిన మార్గదర్శకాలు అందుకే ఫ్లోరైడ్ ఒక్కటే చాలదన్నాయి. ట్యూబును వెంటనే మంచు ముక్కలు కలిపిన నీళ్లలో పెట్టి అరగంటలో ప్లాస్మా వేరు చేయాలి, అది వీలుకాకపోతే సిట్రేట్ ఉన్న ట్యూబు వాడాలి. సిట్రేట్ రక్తాన్ని ఆమ్లంగా మార్చి మొదటి మెట్లనే ఆపేస్తుంది కాబట్టి దాని పని తక్షణం మొదలవుతుంది.

అన్ని పరీక్షలకూ ఇదే ట్యూబు వాడవచ్చు కదా అని అడిగేవారున్నారు. కుదరదు. పొటాషియం ఆక్సలేట్ ఉన్న ట్యూబులో పొటాషియం కొలిస్తే, మీరు కొలిచేది ట్యూబులోని పొటాషియాన్ని. కాల్షియంను ఆక్సలేట్ పట్టేసుకుంటుంది. అందుకే ఒకే సూదితో చాలా ట్యూబులు నింపేటప్పుడు బూడిద మూత ట్యూబును చివరికి వదిలేస్తాం.

తెల్ల కణాలు విపరీతంగా పెరిగితే ఈ తరుగుదల ఎంత దూరం పోతుందో ఒకసారి మా దగ్గరే చూశాం. ల్యుకేమియా వార్డు నుంచి వచ్చిన శాంపిలులో గ్లూకోజ్ 28. అంత తక్కువైతే మనిషి స్పృహలో ఉండటమే కష్టం. ఫోను చేస్తే, ఆయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారని నర్సు చెప్పింది. వేలి నుంచి రక్తం తీసి మీటరులో చూస్తే 100 పైనే ఉంది. తెల్ల కణాల సంఖ్య లక్షన్నర దాటింది, శాంపిల్ రెండు గంటలకు పైగా బల్ల మీద ఉంది. మంచు నీళ్లలో పెట్టి తెప్పించిన రెండో ట్యూబును అందగానే తిప్పాం, విలువ మామూలుగానే వచ్చింది. 28 చూసి ఎవరైనా గ్లూకోజ్ ఎక్కించి ఉంటే అనవసరపు చికిత్స అయ్యేది.

మీరు చేయవలసింది: అమ్మగారిని రాత్రంతా, కనీసం ఎనిమిది గంటల పాటు ఏమీ తినకుండా ఉంచి, ఉదయం నేరుగా సెంట్రిఫ్యూజ్ ఉన్న ల్యాబుకే తీసుకెళ్లండి. వీధి చివరి కలెక్షన్ సెంటరుకు వెళ్తే ఇంటికి పిలిచినట్టే అవుతుంది. బూడిద మూత ట్యూబులో తీసి అరగంటలోపు తిప్పుతారా అని ముందే అడగండి. ట్యూబు నింపగానే దాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే అడుగున ఉన్న పొడి కలవదు. అదే సూదితో ఊదా రంగు మూత ట్యూబులో HbA1c కూడా తీయించండి. అది మూడు నెలల సగటును చూపే పరీక్ష, రక్తం కొన్ని గంటలు ఆగినా దాని విలువ మారదు. పాత రిపోర్టును పారేయకుండా, సమయాలు కనిపించేలా కొత్తదానితో కలిపి డాక్టరుకు చూపించండి.